వ్యూస్ ఉన్నాయి, స్వైప్స్ లేవు: లోపం ఎక్కడ?

సోషల్ మీడియా ఎగ్జిక్యూటివ్ ఇంటర్వ్యూలో ఒక ఇన్‌స్టాగ్రామ్ క్యారసెల్ చూపించి, ‘దీన్ని చాలామంది చూశారు, ఎవరూ జరిపి చూడలేదు. ఎందుకు?’ అని అడిగారనుకోండి. చాలామంది వెంటనే హ్యాష్‌ట్యాగ్‌ల మీదో, పోస్ట్ చేసిన వేళ మీదో పడతారు. కానీ పోస్ట్ జనం దాకా చేరిందని వ్యూసే చెబుతున్నాయి కదా! వెతకాల్సింది మొదటి రెండు స్లైడ్లలో.

ఉదాహరణకు ఒక కోచింగ్ సెంటర్ పోస్ట్ తీసుకుందాం. కవర్ మీద ‘రెజ్యూమెలో 7 తప్పులు’ అన్న శీర్షిక, దాని కిందే చిన్న అక్షరాల్లో ఆ ఏడూ. రెండో స్లైడ్‌లో సెంటర్ లోగో, కోర్సుల జాబితా. మూడో స్లైడ్ నుంచి వివరణ.

కవర్‌ని ఫోన్‌లోనే, చేయి చాచి పట్టుకుని చూడండి. శీర్షిక మాత్రమే కనిపించి జాబితా మసకబారితే డిజైన్ లోపం. జాబితా కూడా చదవగలిగితే అది ఇంకా పెద్ద లోపం. విషయమంతా అక్కడే దొరికాక వేలు ఎందుకు కదులుతుంది?

రెండో స్లైడ్ సంగతి కొంచెం వేరు. మొదటిసారి జరపకుండా వెళ్లిపోయినవారికి ఇన్‌స్టాగ్రామ్ అదే క్యారసెల్‌ను మళ్లీ చూపించేటప్పుడు ఒక్కోసారి రెండో స్లైడ్‌ నుంచి మొదలుపెడుతుంది. అంటే అది రెండో కవర్. ఇక్కడ ఆ అవకాశం లోగోకి ఖర్చయిపోయింది. కవర్ చూడని స్నేహితుడికి రెండో స్లైడ్ ఒక్కటే చూపించండి. ‘తర్వాత ఏముంది?’ అని అడగకపోతే దాన్ని మార్చాల్సిందే.

ఇక కవర్ ఇచ్చే మాట. ‘రెజ్యూమె’ అనగానే ఫ్రెషర్ ఆగుతాడు. లోపల ‘పాత జీతం రాయకండి’ అని ఉంటే, అది తనకు కాదనుకుని వెళ్లిపోతాడు. రెండు మూడు స్లైడ్లు జరిపాక జారుకునేది ఇలాంటివాళ్లే. కవర్ దగ్గరే ఆగిపోతే మాత్రం మాట అస్పష్టంగా ఉందనో, అక్కడే తీరిపోయిందనో అనుమానించాలి.

నేనైతే కవర్ మీద ‘ఫ్రెషర్లూ, రెజ్యూమెలో ఈ మొదటి వాక్యం తీసేయండి’ అని మాత్రమే రాస్తాను. రెండో స్లైడ్‌లో ‘పేరున్న సంస్థలో సవాళ్లతో కూడిన ఉద్యోగం కోరుతున్నాను’ అన్న ఆ అరిగిపోయిన వాక్యం, దాని మీద ఎర్ర గీత. మూడో దాంట్లో బదులు వాక్యం: ‘బీకాం, ట్యాలీలో కొనుగోలు, అమ్మకాల ఎంట్రీలు చేయగలను.’

స్వైప్‌ల లెక్క చేతికి రాకపోతే సేవ్‌లు చూడండి, చివరి స్లైడ్‌లోని విషయం గురించి కామెంట్లు వచ్చాయేమో చూడండి. కవర్, రెండో స్లైడ్ ఒకేసారి మార్చేస్తే ఏది పనిచేసిందో తేలదు. ముందు కవర్ మార్చి కొత్తగా పోస్ట్ చేయండి. అయినా కదలిక లేకపోతే రెండో స్లైడ్ వంతు.