గంటల వారీ గిరాకి లెక్క



గంటల వారీ అమ్మకాల లెక్కలో ముందుగా తేల్చాల్సింది బిల్లు మీద పడిన సమయం నిజమైనదా కాదా అన్నది. బిల్లింగ్ మెషీన్‌కు గిరాకి ఎప్పుడు వచ్చిందో తెలియదు, గల్లా దగ్గరి మనిషి బిల్లు కొట్టిన వేళే దానికి తెలుస్తుంది. కరీంనగర్ బస్టాండు చుట్టుపక్కల గాని, ఆఫీసులు, కాలేజీలు ఉన్న వీధుల్లో గాని నడిచే కేఫ్‌కు రొక్కం గిరాకితో పాటు ఖాతా గిరాకి కూడా ఉంటుంది. పక్క ఆఫీసులకు పొద్దున పంపిన చాయ్‌లను చిట్టీ మీద గీతలు గీసి పెట్టుకొని, రాత్రి గల్లా కట్టే ముందు అన్నింటికీ ఒకేసారి బిల్లు కొట్టడం మామూలే. అప్పుడు పదకొండింటి అమ్మకం రాత్రి తొమ్మిదింటి లెక్కలో పడుతుంది. దీన్ని పట్టుకోవడానికి అదే రోజు యూపీఐ జమల జాబితాను పక్కన పెట్టి చూస్తే చాలు. ఏదైనా గంటలో బిల్లులు చాలా ఉండి యూపీఐ జమలు అతి తక్కువగా ఉంటే, ఆ బిల్లులు వేరే వేళవని అనుమానించాలి. ఖాతా బిల్లులను విడిగా తీసేసిన తర్వాతే మిగతా లెక్క మొదలుపెట్టాలి.

ఆ తర్వాతి పని బిల్లులను వారంలోని రోజు, వేళ ప్రకారం వేరు చేయడం. ఎక్సెల్ షీటులో A నిలువు వరుసలో బిల్లు తేదీ, సమయం ఉంటే ఈ రెండు సూత్రాలు సరిపోతాయి:

```
=WEEKDAY(A2,2)
=HOUR(A2)+IF(MINUTE(A2)>=30,0.5,0)
```

మొదటిది సోమవారాన్ని 1గా, ఆదివారాన్ని 7గా చూపిస్తుంది. రెండోది రోజును అరగంటల ముక్కలు చేస్తుంది, 8.5 అంటే ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది దాకా. గంట ముక్కలకన్నా అరగంట ముక్కలు మేలు. గోదావరిఖని, మంచిర్యాల వంటి సింగరేణి ఊళ్లలో షిఫ్టు మారే వేళ గిరాకి అంతా గంట కొట్టడానికి కాస్త ముందూ కాస్త వెనకా వస్తుంది. గంట ముక్కలైతే ఆ ఒక్క రద్దీ రెండు గంటల్లోకి చీలిపోయి, రెండూ మామూలు గంటల్లాగే కనిపిస్తాయి.

వేర్వేరు రోజుల అంకెలను కలపకూడదు. వేములవాడ రాజన్న దర్శనానికి సోమవారం భక్తుల రాకపోకలు ఎక్కువ కాబట్టి, ఆ దారిలో ఉన్న కేఫ్‌కు సోమవారం పొద్దున, మంగళవారం పొద్దున ఒకటి కావు. వారంలో ఒక్కో రోజుకు, ఒక్కో వేళకు కనీసం నాలుగు వారాల అంకెలు ఉండాలి. నాలుగు సోమవారాల్లో ఒక అరగంటకు 28, 30, 34, 75 బిల్లులు వచ్చాయనుకుంటే సగటు దాదాపు 42 అవుతుంది. నిజానికి ఏ మామూలు సోమవారానికీ అంత గిరాకి లేదు. అంకెలను వరుసలో పేర్చి నడిమి విలువ తీసుకుంటే 32 వస్తుంది. సిబ్బందిని పెట్టుకోవాల్సింది దీన్ని బట్టి. ఆ 75కు కారణం పండుగో, పెళ్లి ముహూర్తమో క్యాలెండర్‌లో రాసి పెట్టుకోవాలి. రంజాన్ నెలలో చాయ్ గిరాకి పగటి నుంచి ఇఫ్తార్ తర్వాతి వేళకు జరుగుతుంది కనుక ఆ నెలను విడిగానే చూడాలి. అలాగే జనవరి చలిలో ఆదిలాబాద్‌లో తీసిన లెక్కతో మే నెల మధ్యాహ్నపు వేళలు నిర్ణయించకూడదు.

తెరిచే, మూసే వేళల దగ్గరికి వస్తే, ఒక గంట తెరిచి ఉంచడం వల్ల అదనంగా వచ్చేదెంత, అదనంగా పోయేదెంత అన్నదే ప్రశ్న. కిరాయి ఎలాగూ కట్టాల్సిందే కాబట్టి ఈ లెక్కలోకి రాదు. ఉదాహరణకు ఒక కేఫ్‌లో రాత్రి తొమ్మిది నుంచి పది దాకా అమ్మకం 510 రూపాయలు అనుకుందాం. పాలు, చాయ్‌పత్తి, చక్కెర, బిస్కెట్ల వంటి సరుకు ఖర్చు 40 శాతం, అంటే 204 పోగా 306 మిగులుతాయి. ఇద్దరి కూలి, గ్యాసు, కరెంటు కలిపి ఆ గంటకు 200 అయితే 106 లాభం కనబడుతుంది. కానీ నాలుగు వారాలు తొమ్మిదికే మూసి చూసినప్పుడు ఎనిమిది నుంచి తొమ్మిది మధ్య అమ్మకం 170 పెరిగిందనుకుంటే, ఆ 170 ఎలాగూ వచ్చే గిరాకే. చివరి గంట నిజంగా తెచ్చేది 340. సరుకు పోగా 204. ఖర్చు 200 పోగా నాలుగు రూపాయలు. ఆ గంట మూసేయవచ్చు.

తెరవని వేళ గురించి లెక్క ఏమీ చెప్పదు. సున్నా ఉన్నది గిరాకి లేక కాదు, షటర్ దించి ఉండడం వల్ల. అలాంటప్పుడు అంచులు చూడాలి. తెరిచిన మొదటి పావుగంటలోనే బిల్లులు జోరుగా ఉంటే జనం అప్పటికే బయట ఎదురు చూస్తున్నారన్నమాట. మూసే ముందు పావుగంట దాకా బిల్లులు తగ్గకపోతే రాత్రి గిరాకిని షటర్ ఆపుతోందన్నమాట. అప్పుడు అరగంట ముందుకో వెనక్కో జరిపి నాలుగు వారాలు చూడాలి. కొత్త వేళ జనానికి తెలియడానికి ఆ మాత్రం సమయం పడుతుంది.

సిబ్బంది విషయంలో రూపాయలకన్నా బిల్లుల సంఖ్య ముఖ్యం. రెండు వందల కేక్ బిల్లుకైనా, పదిహేను రూపాయల చాయ్ బిల్లుకైనా చేతి పని దాదాపు ఒకటే. చాయ్ పోసి అందించడం, డబ్బు తీసుకోవడం కలిపి బిల్లుకు రెండు నిమిషాలు అనుకుంటే, సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా 60 బిల్లులకు 120 నిమిషాల పని ఉంటుంది. కాగితం మీద ఇద్దరు చాలు. జనం మాత్రం వరుసగా నిమిషానికొకరు రారు, గుంపుగా వస్తారు. అందుకే ఒక మనిషికి గంటలో 45 నిమిషాల పనినే లెక్కించాలి. అలా చూస్తే ముగ్గురు కావాలి. మధ్యాహ్నం గంటకు 18 బిల్లులే ఉంటే లెక్క ప్రకారం ఒకరు చాలు, కానీ పొయ్యినీ గల్లానూ ఒక్కరే చూడలేరు కాబట్టి ఇద్దరు ఉండక తప్పదు. ఆ ఖాళీలో అల్లం దంచడం, సమోసా కూర చేయడం వంటి పనులు పెట్టుకోవాలి. మూడో మనిషిని సాయంత్రం రద్దీ వేళకు మాత్రమే పెట్టుకోవచ్చు. దుకాణాల చట్టం ప్రకారం మామూలు పనివేళ రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు కనుక, పొద్దున్నుంచి రాత్రి దాకా ఒకే జట్టుతో నడిపే ఆలోచన పనికిరాదు.

ఇక్కడ ఒక మోసం ఉంది. సాయంత్రం వేళ రోజూ 58, 60, 59, 60 అంటూ అంకె కదలకుండా ఉండి, మిగతా గంటలు మాత్రం ఎక్కువ తక్కువలవుతుంటే, అది గిరాకి కొలత కాదు, చేతుల కొలత. అంతకు మించి పోయలేకపోతున్నారు, మిగిలినవారు వెనుదిరుగుతున్నారు. ఒక వారం ఆ వేళకు ఇంకో మనిషిని పెట్టి చూస్తే సంగతి తేలుతుంది.

ఆఫర్ల లెక్క అమ్మకంతో ముగియదు, మిగులుతో ముగుస్తుంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా సమోసా, చాయ్ కలిపి 40 రూపాయలకు రోజూ 20 మంది తీసుకుంటారనుకుందాం. సరుకు ఖర్చు 16 పోగా ఒక్కొక్కరి మీద 24, మొత్తం 480 మిగులుతాయి. ధర 30కి తగ్గిస్తే 30 మంది వచ్చారు. అమ్మకం 800 నుంచి 900కు పెరిగింది. కానీ ఒక్కొక్కరి మీద మిగిలేది 14 కనుక మొత్తం 420కి దిగింది. పాత మిగులు రావాలంటేనే 35 మంది కావాలి. పైగా నాలుగు నుంచి ఐదు దాకా 40కి కొనే ఆరుగురు తగ్గితే, వాళ్లు ఆఫర్ కోసం ముందే వచ్చినవాళ్లు. అక్కడ ఇంకో 144 పోయినట్టు. అందుకే ఆఫర్ గంటలనే కాక వాటి పక్క గంటను కూడా కలిపి, అంతకు ముందు నాలుగు వారాల అవే రోజులతో పోల్చాలి. రెండు నుంచి ఐదు దాకా మొత్తం మిగులు పెరగకపోతే ఆ ఆఫర్ ఆపేయాలి.