గడువు తప్పుతుందని యజమానికి రాసే ఉత్తరం

మన హాస్టల్ నుండి పాలిటెక్నిక్, బి.టెక్. సివిల్ చదివి సైట్లలో సూపర్‌వైజర్లుగా చేరుతున్నవారు ఏటా ఉంటున్నారు. డ్రాయింగ్ చదవడం, కొలతలు తీయడం కాలేజీలో నేర్పుతారు. ఇల్లు అనుకున్న తేదీకి పూర్తి కాదని యజమానికి ఎలా తెలియజేయాలో మాత్రం మాకెవరూ నేర్పలేదు. అందుకే ఒక ఉదాహరణ తీసుకుని చూద్దాం.

పిల్లర్లతో కట్టే రెండంతస్తుల ఇల్లు. నవంబరు 30కి అప్పగిస్తామని ఒక చిన్న కాంట్రాక్టరు ఒప్పందం రాసిచ్చాడు. పై స్లాబు ఆగస్టు 10న పడాలి. ఈరోజు ఆగస్టు 22. స్లాబు 31 కంటే ముందు పడదని తేలింది. అంటే 21 రోజులు వెనుకబడ్డాం. ఏమీ చేయకపోతే ఇల్లు డిసెంబరు 21కి పోతుంది.

యజమానికి ఇది మూడు వారాల సంగతి కాదు. డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం వస్తుంది. సంక్రాంతి వరకు గృహప్రవేశానికి చాలామంది ఒప్పుకోరు. అద్దె ఇంట్లో మరో నెలకు పైగా ఉండాలి. ఈ సంగతి ఆయనకు నవంబరు 25న చెబితే చేయగలిగింది ఏమీ లేదు. ఆగస్టులో చెబితే పంతులుగారిని వేరే ముహూర్తం అడగవచ్చు, ఇంటి ఓనరుతో ముందే మాట్లాడుకోవచ్చు.

మొదట కారణాలు. "వర్షాల వల్ల ఆలస్యం" అని ఒక్క మాటలో రాసేస్తుంటారు. యజమాని రోజూ సైటుకు వస్తాడు, ఎండ కాసిన రోజులూ చూసే ఉంటాడు. కాబట్టి విడదీసి రాయాలి. వర్షం 9 రోజులు, వాగు పారి ఇసుక రాక 5 రోజులు, సెంట్రింగ్ మనుషులు వేరే సైటులో ఉండిపోయి 7 రోజులు. చివరి 7 రోజులు కాంట్రాక్టరు బాధ్యతే. దాన్ని దాచితే మిగిలిన 14 రోజులనూ ఎవరూ నమ్మరు.

తర్వాత, ఏ పనిలో రోజులు తగ్గించవచ్చు, ఏ పనిలో కుదరదు అన్నది. స్లాబు కింద కర్రలు తొందరగా తీయించి రోజులు మిగుల్చుదామని మేస్త్రి అనవచ్చు. అది ఒప్పుకోకూడదు. ఐ.ఎస్. 456 ప్రకారం, మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు వాడి సరిగా నీళ్ళు పడితే, 6 మీటర్ల లోపు బీముల కింద 14 రోజులు, అంతకు మించితే 21 రోజులు కర్రలు ఉండాలి. వేరే రకం సిమెంటయితే ఎన్ని రోజులో ఇంజనీరునే అడగాలి. మన ఇంట్లో బీములు 6 మీటర్ల లోపే. 31న స్లాబు పడితే సెప్టెంబరు 14 వరకు ముట్టుకోవద్దు. పచ్చి ప్లాస్టరింగ్ మీద రంగు వేయడం కూడా ఇలాంటిదే. తేమ బయటికి వచ్చేటప్పుడు రంగు పొంగి పెచ్చులూడుతుంది.

మరి రోజులు ఎక్కడ దొరుకుతాయి? పాత ప్లానులో రెండంతస్తుల గోడలూ పై స్లాబు తర్వాతే ఉన్నాయి. కింది స్లాబు వేసి రెండు నెలలు దాటింది, దాని కర్రలు తీసేశారు. ఇంజనీరు చూసి సరే అంటే, కింది గోడలు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. దీంతో 8 రోజులు కలిసివస్తాయి. ప్లాస్టరింగుకు రెండో బ్యాచి పెడితే మరో 5 రోజులు. 21లో 13 పోగా 8 మిగిలాయి. మళ్ళీ వర్షం పడితే అని 4 రోజులు కలిపితే 12. కొత్త తేదీ డిసెంబరు 12.

ఆ 4 రోజులు వదిలేసి 8వ తేదీ అని రాస్తే ఆయనకు వినడానికి బాగుంటుంది. కానీ మొదటిసారి తేదీ మారితే యజమాని సర్దుకుంటాడు, రెండోసారి మారితే బిల్లు ఆపుతాడు.

ముందు స్వయంగా వెళ్ళి చెప్పి, అదేరోజు ఉత్తరం ఇవ్వాలి:

"అయ్యా, మీ ఇల్లు నవంబరు 30కి పూర్తి కాదు. డిసెంబరు 12న అప్పగిస్తాము. మొత్తం ఆలస్యం 21 రోజులు: వర్షం 9, ఇసుక 5, సెంట్రింగ్ మనుషులు రాక 7. ఈ చివరిది మా బాధ్యత కనుక ప్లాస్టరింగ్ రెండో బ్యాచి అదనపు ఖర్చు మేమే పెట్టుకుంటాము. కింది గోడలు ఈ సోమవారం మొదలవుతాయి. ఆగస్టు 31న స్లాబు, సెప్టెంబరు 14 తర్వాత సెంట్రింగ్ తీయడం, అక్టోబరు 10కి పై గోడలు పూర్తి. టైల్స్ రంగు, సైజు సెప్టెంబరు 20 లోపు మీరు ఖాయం చేయాలి. అది ఆలస్యమైతే 12వ తేదీ కూడా జరుగుతుంది. 12 తర్వాత ముహూర్తం దొరకకపోతే కింది అంతస్తు వరకు నవంబరు 30కే సిద్ధం చేస్తాము, పైన పని నడుస్తుండగా పాలు పొంగించుకోవచ్చు. ఏది కావాలో ఈ నెలాఖరులోగా చెప్పగలరు."

ఇందులో మొదటి వాక్యం చూడండి. క్షమాపణలతో, వాతావరణంతో మొదలుపెట్టి తేదీని రెండో పేజీలో రాసేవాళ్ళున్నారు. యజమాని కళ్ళు ముందు వెదికేది తేదీనే. టైల్స్ మాట కూడా తప్పక రాయాలి, ఎందుకంటే చాలా ఇళ్ళలో ఇంటిల్లిపాదీ టైల్స్ దగ్గర ఏకాభిప్రాయానికి రావడానికే నెల పడుతుంది!

అక్టోబరు 10న పై గోడలు లేవకపోతే డిసెంబరు 12 కుదరదని ఆ రోజే తెలిసిపోతుంది. అప్పుడు మళ్ళీ అదేరోజు వెళ్ళి చెప్పాలి. ఉత్తరం రెండు కాపీలు తీసి, ఒకదానిమీద యజమాని సంతకం, తేదీ తీసుకుని సైటు ఫైలులో పెట్టుకోండి.