బురద ఎటు పోతుంది?

చి. సౌజన్యకు, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్లాను చూశాను. గేటు నుంచి మెట్లదాకా దారి, మెట్ల పక్కనే గోడకు ఆనించి కుళాయి, దాని కింద ఐదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గచ్చు, అక్కడి నీళ్ళు సెప్టిక్ ట్యాంకు గొట్టంలోకి. కొలతలు సరిపోతాయి. చోటూ, నీళ్ళు పోయే దారీ మాత్రం మార్చాలి. మీది రేగడి నేల మరి.

నీళ్ళు ఎలాగోలా పోతాయి. మీ నాన్న పొలం నుంచి కాళ్ళకీ, పారకీ అంటించుకొచ్చే బురద ఎటు పోతుందన్నదే ముందు తేల్చుకోవాలి. ఓ పని చెయ్యి. గాజు సీసాలో పిడికెడు మీ పొలం మట్టి వేసి, నిండా నీళ్ళు పోసి, బాగా కుదిపి కిటికీలో పెట్టు. ఇసుక నిమిషంలో అడుగుకి దిగుతుంది. ఒండ్రు కొన్ని గంటలు తీసుకుంటుంది. బంకమన్ను మర్నాటికి కూడా నీళ్ళని కలకగానే ఉంచుతుంది. నీ గచ్చు మీద నుంచి పోయేది ఈ నీళ్ళే. సెప్టిక్ ట్యాంకులోకి వదిలితే మట్టి అడుగున పేరుకుని, ట్యాంకులో చోటు తగ్గిపోతుంది. ఇంకుడు గుంతలోకి వదిలితే బంకమన్ను కంకర సందుల్ని పూడ్చేస్తుంది. పైగా రేగడిలో నీళ్ళు ఇంకడమే తక్కువ.

అందుకని గచ్చు చివర ఒక చిన్న తొట్టి కట్టించు. లోపల అడుగున్నర చదరం, లోతు రెండడుగులు. నీళ్ళు బయటికి పోయే మూడంగుళాల గొట్టం తొట్టి అడుగు నుంచి ఒక అడుగు ఎత్తున ఉండాలి. మేస్త్రీలు అలవాటుగా దాన్ని అడుగునే పెట్టేస్తారు, దగ్గరుండి చూసుకో. ఆ ఎత్తు వల్లే ఇసుకా, మట్టి గడ్డలూ కిందే ఆగిపోతాయి. వారానికోసారి మట్టి తోడి మొక్కల్లో వేసుకోవచ్చు. వారం దాటనివ్వకండి, నిలవ నీళ్ళలో దోమ పిల్లలు రెక్కలు తొడుక్కోవడానికి ఆ మాత్రం వ్యవధి చాలు. పైన బిగువుగా కూర్చునే బండ మూత, గొట్టం మూతికి సన్నటి జాలీ పెట్టించు.

తొట్టి దాటిన కలక నీళ్ళు మూత వేసిన గుంతలోకి పోకూడదు. పునాదికి పదడుగులకు తగ్గకుండా దూరాన, అరటి మొక్కల మధ్య తెరిచిన కాలవలోకి పోనీ. అక్కడ పైన పొర కడితే పారతో గీరితే సరి. సబ్బు నీళ్ళు మాత్రం అటు వదలొద్దని ఇంట్లో చెప్పు. దూరం ఎందుకంటే, రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. పునాది పక్కన ఒక మూల మాత్రమే రోజూ తడుస్తుంటే గోడ పగిలేది ఆ వైపునే. గోడకు ఆనించిన కుళాయి వద్దన్నదీ అందుకే. మెట్లకు ఆరడుగుల ఇవతల, దారి పక్కన పెట్టు.

ఇప్పుడు వాటం సంగతి. దారి కన్నా గచ్చు రెండంగుళాలు కిందికి ఉండాలి. మెట్ల వైపు ఎత్తు, గేటు వైపు పల్లం. ఐదడుగుల పొడవుకి ఒకటిన్నర అంగుళాల వాటం ఇవ్వు; వట్టి నీళ్ళకైతే అంతకంటే తక్కువైనా నడుస్తుంది, బురదకు చాలదు. మనిషి బురద కాళ్ళతో పల్లం వైపు దిగి, కడుక్కుని ఎత్తు వైపు నుంచి బయటికి రావాలి. అక్కడి నుంచి మెట్లదాకా బండలు పరిపించకపోతే కడిగిన కాళ్ళు మళ్ళీ మట్టిలోనే పడతాయి. ఈ బండల సంగతి చాలామంది మరిచిపోతారు.

పరిచేది నునుపు చేయని నాపరాయి. పాలిష్ గ్రానైట్ చూడ్డానికి బాగుంటుంది గానీ బంకమన్ను పడిందంటే మీ నాయనమ్మ నడుము విరుగుతుంది. ఆవిడ కోసం అడుగున్నర ఎత్తు అరుగు, పక్కన పట్టుకోవడానికి దిమ్మెలోకి గట్టిగా దిగేసిన కమ్మీ పెట్టించు. కుళాయి కూడా గచ్చుకి అడుగున్నర ఎత్తునే చాలు, కింద బకెట్టు పడుతుంది. మట్టి చేత్తో తిప్పక్కర్లేకుండా మోచేత్తో నెట్టే పిడి ఉన్నది తీసుకో.

బండలు పరిచాక మేస్త్రీకి డబ్బులిచ్చే ముందు చెంబెడు మట్టి నీళ్ళు పైనుంచి పోసి ఆరనీ. మట్టి మరక గుండ్రంగా నిలిచిన ప్రతిచోటా పల్లం ఉన్నట్టే. ఆ బండ లేపించి మళ్ళీ వేయించు.

మేడ మీద మొక్కల దగ్గర ఈ ఏర్పాటు పనికిరాదు. శ్లాబులో తొట్టి దించలేం, అక్కడి మట్టి వాన నీటి గొట్టాన్ని పూడ్చేస్తుంది. కుండీలూ, పారలూ వెడల్పు టబ్బులో కడిగి, ఆ నీళ్ళు కుండీల్లోనే పోసెయ్యండి.

మార్చిన ప్లానులో గచ్చు రెండు చివర్లా, తొట్టి గొట్టం దగ్గరా, అరటి కాలవ దగ్గరా మట్టాలు అంకెలతో రాసి పంపు. గచ్చు పోయించకముందే గొట్టం కందకం తవ్వించాలని మీ నాన్నతో చెప్పు.

మీ పెదనాన్న