పోయిన అచ్చును పట్టుకోండి

ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఇప్పటికీ సాయంత్రాలు వీధిలో పిల్లలు వ్యాకరణం పుస్తకం పట్టుకుని మా అరుగు మీదికి వస్తుంటారు. సూత్రాలు గడగడా అప్పజెబుతారు. రెండు పదాలు పక్కపక్కన రాసి ‘ఇది ఏ సంధి నాయనా?’ అంటే మాత్రం తడబడతారు. సూత్రం రాక కాదు, పదంలో ఎక్కడ చూడాలో తెలియక. అకార, ఉకార, త్రిక సంధులు, యడాగమం, ఈ నాలుగింటి దగ్గర ఎక్కడ చూడాలో నాకు తెలిసినంత చెబుతాను.

1. సంధి పేరు పోయిన అచ్చుది, మిగిలిన అచ్చుది కాదు.

‘ఎవడున్నాడు’, ‘ఎక్కడున్నాడు’ అని రెండూ పలకమీద రాయండి. రెండింటిలోనూ చివర ‘డున్నాడు’ అనే ఉంది. పిల్లలు ‘డు’లో కొమ్ము చూసి రెండూ ఉకార సంధే అనేస్తారు. విడదీసి చూడండి. ఎవడు + ఉన్నాడు: మొదటి పదం చివర ఉకారం ఉంది, అది పోయింది. కాబట్టి ఉకార సంధి. ఎక్కడ + ఉన్నాడు: మొదటి పదం చివర అకారం ఉంది, అది పోయింది. కాబట్టి అకార సంధి. కలిసిన రూపంలో కనిపించే కొమ్ము రెండుచోట్లా రెండో పదం ‘ఉన్నాడు’దే. తెలుగు సంధిలో మొదటి పదం చివరి అచ్చు తప్పుకుంటుంది, రెండో పదం మొదటి అచ్చు నిలుస్తుంది. కంటికి కనిపించేది నిలిచిన అచ్చు. పేరు పెట్టాల్సింది తప్పుకున్న అచ్చుతో. ‘చెప్పకుండా’, ‘లేకున్నా’ లాంటివాటిలో పిల్లలు పొరబడేది ఇక్కడే. అవి చెప్పక + ఉండా, లేక + ఉన్నా. రెండూ అకార సంధులే.

2. పదాలు తెలుగువా, సంస్కృతమా అని ముందు తేల్చుకోండి.

చింత + ఆకు = చింతాకు. రామ + ఆలయం = రామాలయం. రెండింటిలోనూ అకారం పక్కన ఆకారం వచ్చింది, రెండింటిలోనూ దీర్ఘం కనిపిస్తోంది. అయినా రామాలయం సవర్ణదీర్ఘ సంధి, చింతాకు అకార సంధి. రామ, ఆలయం రెండూ సంస్కృత పదాలు కనుక అక్కడ రెండు అచ్చులూ కలిసి ఒక దీర్ఘం అయ్యాయి. చింతాకులో ఏదీ దీర్ఘం కాలేదు. చింతలోని అకారం పోయింది, ఆకులో ఉన్న దీర్ఘమే ఉన్నది ఉన్నట్టు నిలిచింది.

దీన్ని నమ్మించడానికి ‘రామయ్య’ పనికొస్తుంది. రామ + అయ్య. సవర్ణదీర్ఘమే అయితే ‘రామాయ్య’ కావాలి, అలా ఎవరూ అనరు. ‘అయ్య’ తెలుగు మాట కనుక అకార సంధి జరిగింది. అలాగే పుట్టిన + ఇల్లు = పుట్టినిల్లు. గుణసంధి అయి ‘పుట్టినేల్లు’ కాలేదు.

3. ఉకార సంధికి అనుమానం వస్తే మధ్యలో ‘య’ పెట్టి చూడండి.

హ్రస్వ ఉకారం తర్వాత అచ్చు వస్తే సంధి జరిగి తీరుతుంది. వ్యాకరణం దాన్ని నిత్యం అంటుంది. రాముడు + అతడు = రాముడతడు. ‘రాముడు యతడు’ అనడానికి నోరు తిరగదు. అందుచేత రెండు పదాల మధ్య ‘య’ ఇమడకపోతే ఉకార సంధి అయ్యే అవకాశమే ఎక్కువ.

ఒక మినహాయింపు గుర్తుంచుకోండి. నన్ను, నాకు లాంటి విభక్తి రూపాల చివరి ఉకారానికి సంధి జరగవచ్చు, జరగకపోవచ్చు. నన్ను + అడిగె అన్నప్పుడు ‘నన్నడిగె’ ఒప్పే, ‘నన్నునడిగె’ కూడా ఒప్పే. సంధి జరగని రూపంలోనూ మధ్యకు వచ్చింది నకారమే. యకారం అక్కడా రాలేదు.

ఈ రోజుల్లో పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. ‘ఊరంతా’ ఇస్తే ఊరు + అంతా అని చక్కగా విడదీస్తారు. ‘దేశమంతా’ ఇస్తే దేశం + అంతా అని రాసి, సున్న పక్కన అచ్చుకు ఏ సంధో తెలియక ఆగిపోతారు. ‘దేశం’ అన్న సున్న వెనక ‘దేశము’ ఉంది. దేశము + అంతా అని రాసుకుంటే ఉకారం తనంత తానే బయటపడుతుంది. పుస్తకం, కాలం, సమయం, ఏదైనా సరే, సున్నతో ముగిసిన ఇలాంటి పదం ఎదురైతే ‘ము’ చేసి చూడండి.

4. అకార సంధిలో రూపం చూడందే జవాబు రాయకండి.

నాలుగింటిలో కష్టమైనది ఇదే. అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చోవాలి. పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణంలో అకారానికి సంధి బహుళమని చెప్పాడు. అంటే ఒకచోట జరుగుతుంది, ఒకచోట జరగదు, ఒకచోట రెండూ చెల్లుతాయి, ఒకచోట మనం ఊహించనిది జరుగుతుంది.

రెండూ చెల్లేదానికి మేన + అల్లుడు చూడండి. మేనల్లుడు అంటే అకారం పోయింది, అకార సంధి. మేనయల్లుడు అంటే అకారం పోలేదు, మధ్యకు యకారం వచ్చింది, యడాగమం. ఇచ్చిన పదాలు అవే, పేర్లు మాత్రం రెండు. అసలు సంధి జరగనిదానికి వెల + ఆలు ఉంది. అది వెలయాలే అవుతుంది, ‘వెలాలు’ కాదు. స్త్రీని తెలిపే పదాలకూ, తత్సమ సంబోధనలకూ సంధి లేదన్నారు కనుక అమ్మ + ఇచ్చెను ‘అమ్మ యిచ్చెను’ అవుతుంది. ఇంట్లో మనం ‘అమ్మిచ్చింది’ అంటాం, అందులో తప్పేమీ లేదు. గ్రాంథిక రూపం అడిగిన చోట మాత్రం యకారం రాయాలి. ఇక ఊహించనిదానికి ఒక + ఒక ఉంది. అది ‘ఒకానొక’ అయింది.

కాబట్టి మొదటి పదం చివర అకారం కనబడగానే కలం కాగితం మీద పెట్టకండి. కలిసిన రూపంలో రెండో పదం అచ్చుకు ముందు ‘య’ ఉందా లేదా చూడండి. ఉంటే యడాగమం, లేకపోతే అకార సంధి.

5. యడాగమం సంధి జరగని చోట వచ్చేది.

పాఠ్యపుస్తకాల్లో ‘యడాగమ సంధి’ అని సంధుల వరుసలో ఉంటుంది కాబట్టి పిల్లలు దాన్నీ ఒక సంధిగానే అనుకుంటారు. పరీక్షలో ఆ పేరే రాయండి, తప్పు లేదు. మనసులో మాత్రం తేడా తెలిసి ఉండాలి. ఆదేశం శత్రువులా వచ్చి ఉన్న అక్షరాన్ని తోసేసి కూర్చుంటుందనీ, ఆగమం మిత్రుడిలా వచ్చి పక్కన చేరుతుందనీ పాతకాలం పండితులు పాఠం చెప్పేవారు. యడాగమంలో ఏ అచ్చూ పోదు. రెండు అచ్చులూ ఉంటాయి, మధ్యకు ‘య’ వచ్చి రెండో అచ్చుతో కలుస్తుంది.

మా + అమ్మ = మాయమ్మ. మీ + ఇల్లు = మీయిల్లు. హరి + ఇతడు = హరియితడు. ‘మా’ చివర ఉన్నది అకారమే కదా, అకార సంధి ఎందుకు కాదని ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. అకార సంధికి కావలసింది హ్రస్వమైన అకారం. ‘మా’లో ఉన్నది దీర్ఘం. దీర్ఘానికి అకార సంధి సూత్రం వర్తించదు, సంధి జరగదు, అందుకే యడాగమం వచ్చింది.

ఏమి + అంటివి లాంటి కొన్ని ఇకారాంత పదాలకు ఇకార సంధి కూడా ఉంది. ఏమంటివి, ఏమియంటివి రెండూ ఒప్పే. అక్కడా ‘య’ ఉందో లేదో చూసి తేల్చుకోవడమే.

6. త్రిక సంధికి ఆ, ఈ, ఏ తర్వాత ఏముందో చూడండి.

ఆ, ఈ, ఏ అనే మూడే త్రికం. మా, మీ, నా కావు. వాటి తర్వాత జంట కాని హల్లు వస్తే ఆ హల్లు ద్విత్వమవుతుంది, ఆపైన ముందున్న దీర్ఘం హ్రస్వమవుతుంది. ఈ + కాలము = ఇక్కాలము. ఆ + విధము = అవ్విధము. ఆ + భంగి = అబ్భంగి. ఇది కూడా బహుళమే కనుక ‘ఆ విధము’ అని వదిలేసినా తప్పు కాదు.

జరిగే పనులు రెండు: ద్విత్వం, హ్రస్వం. పిల్లలు మొదటిది చేసి రెండోది మరచిపోయి ‘ఈక్కాలము’ అని రాస్తారు. రూపం గట్టిగా చదివించండి, తప్పు వాళ్ల చెవికే తెలుస్తుంది.

ఈ + ఊరు అడిగితే త్రికం కనబడింది కదా అని త్రిక సంధి రాయకూడదు. తర్వాత ఉన్నది అచ్చు, ద్విత్వానికి హల్లే లేదు. అది ఈయూరు, యడాగమం. ఆ + క్షణము అడిగితే తర్వాత ఉన్నది జంట హల్లు, కాబట్టి ఏ మార్పూ లేదు. పదంలో ద్విత్వం కనిపించగానే త్రికం అనుకోవడం కూడా పొరపాటే. మేనత్తలోని ‘త్త’ అత్తలో పుట్టినప్పటి నుంచీ ఉంది.

7. ఒక్క వాక్యంలో నాలుగూ చూపించవచ్చు.

‘అతడక్కడున్నాడు’ అని రాసి పిల్లలతో విడదీయించండి. అతడు + అక్కడ: చివర హ్రస్వ ఉకారం, పోయింది, ఉకార సంధి. అక్కడ అన్నదాన్ని ఇంకా విడదీస్తే ఆ + కడ: త్రికం తర్వాత ఒంటి హల్లు, ద్విత్వం వచ్చింది, దీర్ఘం హ్రస్వమైంది, త్రిక సంధి. అక్కడ + ఉన్నాడు: చివర అకారం, పోయింది, అకార సంధి. ఇప్పుడు అదే వాక్యాన్ని ‘అతడక్కడ యున్నాడు’ అని మార్చి రాయండి. చివరి సంధి విడిపోయి యడాగమం అయింది.

విడదీసేటప్పుడు నేను అడిగించే వరుస ఇది. పదాలు రెండూ సంస్కృతమా? కాకపోతే మొదటిది ఆ, ఈ, ఏ లలో ఒకటా? కాకపోతే దాని చివరి అచ్చు ఏది, హ్రస్వమా దీర్ఘమా? ఆ అచ్చు పోయిందా, ‘య’తో నిలిచిందా? ఈ వరుస తప్పకుండా అడుగుతూ పోతే నాలుగో ప్రశ్న దాటి వెళ్లాల్సిన పని సాధారణంగా ఉండదు.

8. ప్రశ్నపత్రం రాసే మాస్టార్లకు ఒక మనవి.

‘మేన + అల్లుడు, ఇది ఏ సంధి?’ అని మాత్రమే ఇచ్చి, కింద అకార సంధి, యడాగమ సంధి అని రెండూ పెట్టిన ప్రశ్నలు నేను చూశాను. కలిసిన రూపం ఇవ్వకుండా ఆ ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. చదువుకున్న పిల్లవాడు అక్కడ ఆగి ఆలోచిస్తాడు, సమయం పోగొట్టుకుంటాడు. అకారాంత పదం ఇచ్చినప్పుడల్లా దయచేసి కలిసిన రూపం కూడా అచ్చువేయండి. వేయకపోతే రెండు జవాబులకూ మార్కులు వేయండి.