పీఎస్‌ఎన్‌ఆర్ స్కోరు ఒక్కటే, ఫోటోలు మాత్రం మూడు రకాలు! ఎందుకిలా?

ఇమేజ్ కంప్రెషన్, నాయిస్ రిడక్షన్ టెస్టుల్లో "పీఎస్‌ఎన్‌ఆర్ ఇన్ని డెసిబెల్స్" అని ఒక నంబర్ ఇస్తుంటారు. అది ఎంత ఎక్కువుంటే ఫోటో అంత బాగున్నట్టు అనుకుంటాం. కానీ సరిగ్గా ఒకే స్కోరు వచ్చిన ఫోటోల్లో ఒకటి చక్కగా, ఇంకోటి పాడైపోయి కనిపించొచ్చు. అదెలాగో లెక్క వేసి చూద్దాం.

ముందు ఫార్ములా

ఒరిజినల్ ఫోటోని, ప్రాసెస్ చేసిన ఫోటోని పక్కపక్కన పెట్టి ఒక్కో పిక్సెల్ విలువలో తేడా తీస్తారు. ఆ తేడాని స్క్వేర్ చేసి, మొత్తం పిక్సెల్స్‌కి సగటు కడతారు. ఇదే ఎంఎస్‌ఈ, అంటే మీన్ స్క్వేర్డ్ ఎర్రర్. దాన్ని డెసిబెల్స్‌లోకి మారిస్తే పీఎస్‌ఎన్‌ఆర్ వస్తుంది. 8 బిట్ ఫోటోలో పిక్సెల్ గరిష్ఠ విలువ 255 కాబట్టి:

```
PSNR = 10 × log10(255² / MSE)
```

ఎర్రర్ తగ్గితే స్కోరు పెరుగుతుంది. ఎంఎస్‌ఈ సగమైతే స్కోరు దాదాపు 3 డెసిబెల్స్ పెరుగుతుంది.

ఒకే ఫోటో, మూడు మార్పులు

4000 × 3000 సైజులో ఒక బ్లాక్ అండ్ వైట్ ఫోటో ఉందనుకోండి. మొత్తం 1.2 కోట్ల పిక్సెల్స్. అందులో ఏ పిక్సెల్ విలువా 10 కంటే తక్కువ, 245 కంటే ఎక్కువ లేదు. దీన్ని మూడు రకాలుగా మారుద్దాం.

మొదటిది: ప్రతి పిక్సెల్‌కి 10 కలిపాం. తేడా 10, స్క్వేర్ 100. ఎంఎస్‌ఈ 100. ఫోటో కాస్త వెలుతురుగా మారిందంతే. ఒరిజినల్ పక్కన లేకపోతే ఎవరూ గుర్తుపట్టరు.

రెండోది: నాణెం ఎగరేసినట్టు కొన్ని పిక్సెల్స్‌కి 10 కలిపాం, కొన్నింటి నుంచి 10 తీసేశాం. ప్లస్ అయినా మైనస్ అయినా స్క్వేర్ 100 కాబట్టి ఎంఎస్‌ఈ మళ్లీ 100. కానీ జూమ్ చేస్తే నున్నగా ఉండాల్సిన ఆకాశంలో ఇసుక చల్లినట్టు గ్రెయిన్ కనిపిస్తుంది.

మూడోది: ముఖం ఉన్న 300 × 400 ముక్కలో మాత్రమే పిక్సెల్స్‌ని ఇష్టమొచ్చినట్టు 100 పైకో, కిందికో జరిపాం. అవి 1,20,000 పిక్సెల్స్, అంటే ఫోటోలో 1 శాతం. ఒక్కోదాని ఎర్రర్ 10,000. అందులో 1 శాతం మళ్లీ 100! ముఖం గుర్తుపట్టలేనంతగా చెడిపోయింది.

మూడింటికీ పీఎస్‌ఎన్‌ఆర్ 28.13 డెసిబెల్సే. కారణం ఫార్ములాలోనే ఉంది. స్క్వేర్ చేయగానే తేడా పైకా కిందికా అన్న సంగతి పోతుంది. సగటు కట్టగానే తప్పు ఎక్కడ జరిగిందన్నది పోతుంది. మన కన్ను ముఖ్యంగా చూసేది ఆ రెండే: పక్కపక్క పిక్సెల్స్ మధ్య తేడా, అది ఫోటోలో ఎక్కడుందనేది.

నున్నగా చేస్తే మార్కులు ఎక్కువ

నాయిస్ రిడక్షన్‌లో ఇంకో చిక్కుంది. ఒక పిక్సెల్ అసలు విలువ 50 కావొచ్చు, 150 కావొచ్చు, రెండిటికీ సమాన అవకాశం ఉంది. సాఫ్ట్‌వేర్ ఏదో ఒకటి ఎంచుకుంటే సగం సార్లు ఎర్రర్ సున్నా, సగం సార్లు 10,000. సగటు 5,000. ఏదీ తేల్చకుండా మధ్యలో 100 పెడితే ఎర్రర్ ఎప్పుడూ 2,500. అంటే దాదాపు 3 డెసిబెల్స్ లాభం! కానీ 100 అనేది అసలు ఫోటోలో లేని విలువ. వెంట్రుకలు, గడ్డి, బట్టల నేత మీద ఇదే జరిగితే డిటెయిల్ అంతా పులిమేసినట్టు అవుతుంది. స్కోరు పెరిగింది, టెక్స్చర్ పోయింది.

మరి ఎస్‌ఎస్‌ఐఎం వాడితే?

2004లో జౌ వాంగ్, బోవిక్, షేక్, సిమోన్‌సెల్లి ప్రతిపాదించిన ఎస్‌ఎస్‌ఐఎం, ఫోటోని చిన్న చిన్న కిటికీలుగా తీసుకుని వెలుతురు, కాంట్రాస్ట్, నిర్మాణం పోలుస్తుంది. అందుకే ఆకాశం లాంటి నున్నటి చోట మన మొదటి ఫోటోకి మంచి మార్కులేసి, రెండోదానికి బాగా తగ్గిస్తుంది. కానీ చివర్లో అదీ సగటే కడుతుంది. మూడో ఫోటోలో చెడింది 1 శాతమే కాబట్టి మొత్తం స్కోరు పెద్దగా పడదు. అక్కడ కిటికీల వారీగా వచ్చే ఎస్‌ఎస్‌ఐఎం మ్యాప్ చూస్తేనే ముఖం దగ్గర మచ్చ బయటపడుతుంది.

ఎక్కడ నమ్మొచ్చు?

ఒకే ఫోటోని, ఒకే కోడెక్‌తో, వేర్వేరు క్వాలిటీ సెట్టింగ్స్‌లో సేవ్ చేసి పోల్చేటప్పుడు పీఎస్‌ఎన్‌ఆర్ బాగానే పనికొస్తుంది. ఎందుకంటే అక్కడ తప్పు రకం పెద్దగా మారదు, మోతాదే మారుతుంది. వేర్వేరు ఫోటోల స్కోర్లు, లేదా వేర్వేరు రకాల ప్రాసెసింగ్ స్కోర్లు పక్కపక్కన పెడితే మాత్రం ఒకటి రెండు డెసిబెల్స్ తేడాని బట్టి విజేతని తేల్చకండి. ఇక రెండు ఫోన్లతో తీసిన ఫోటోలకి ఈ లెక్క అసలు వర్తించదు. పోల్చడానికి ఒరిజినల్ అంటూ ఒకటి అక్కడ లేదు కదా!