తెల్లవారితే బుధవారం

మా ఇల్లు ఎన్నూరులో. రాత్రి పన్నెండు దాటాక మా వీధిలో వెలుగుతున్న లైట్లు రెండు రకాలవి. ఒకటి షిఫ్టు దిగి వచ్చినవాళ్ళ ఇల్లు, రెండోది ఫుట్‌బాల్ చూసేవాళ్ళ ఇల్లు. మా ఇల్లు రెండో రకం. మా అన్నయ్య, వాడి స్నేహితులు లివర్‌పూల్ జట్టు అభిమానులు. వాళ్ళలో ఒక్కరు కూడా ఆ ఊరు చూసినవాళ్ళు కారు. అయినా ఆ జట్టు ఓడిపోతే మర్నాడు మా ఇంట్లో టిఫిన్ సరిగ్గా దిగదు. చూసీ చూసీ నాకూ ఆ పిచ్చి పట్టింది.

ఆట గురించి కాదు, ఆట ఎప్పుడో తెలుసుకోవడం గురించి ఈ వ్యాసం. అది తెలియక నేనొక గొప్ప మ్యాచ్ పోగొట్టుకున్నాను.

2019 మే నెల. అప్పుడు నేను స్కూల్లో చదువుతున్నాను, సెలవులు. ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ మొదటి ఆటలో బార్సిలోనా 3-0తో లివర్‌పూల్‌ని ఓడించింది. రెండో ఆట లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో. అన్నయ్య వాళ్ళ గ్రూపులో ఎవరో "8వ తేదీ రాత్రి 12.30కి" అని పెట్టారు. నేను క్యాలెండర్‌లో 8 చుట్టూ సున్నా చుట్టి, 7వ తేదీ రాత్రి హాయిగా పడుకున్నాను. అన్నయ్య స్నేహితుడి ఇంటికి వెళ్ళాడు. ఊరికే వెళ్ళాడనుకున్నాను. పొద్దున్నే వాడు గొంతు పోయి తిరిగొచ్చాడు. లివర్‌పూల్ 4-0తో గెలిచి, మొత్తం మీద 4-3తో ఫైనల్‌కి వెళ్ళిపోయింది!

"8 అన్నారు కదరా!" అని ఏడ్చాను.

"8నే కదే జరిగింది" అన్నాడు వాడు.

ఇద్దరమూ నిజమే చెప్పాం. తప్పు ఎక్కడుంది?

మా నానమ్మ పంచాంగం చూసే మనిషి. గొడవంతా విని, "రాత్రి పన్నెండున్నరంటే ఇంకా మంగళవారమే కదే, తెల్లారితేగా బుధవారం" అంది. అప్పుడు నవ్వాను గానీ, తర్వాత ఆలోచిస్తే కీలకం అక్కడే ఉంది. ఇంగ్లీషు తేదీ అర్ధరాత్రి మారుతుంది. మన పంచాంగంలో వారం సూర్యోదయంతో మొదలై మళ్ళీ సూర్యోదయం దాకా నడుస్తుంది. అందుకే తెలుగులో "మంగళవారం రాత్రి, తెల్లవారితే బుధవారం" అనే మాట ఉంది. ఆ ఒక్క మాటలో ఏ రాత్రో అనుమానం లేకుండా తెలిసిపోతుంది. "8వ తేదీ రాత్రి 12.30" అన్నప్పుడు తేదీ ఇంగ్లీషు పద్ధతిలో ఉంది, "రాత్రి" అనే మాట మన పద్ధతిలో ఉంది. రెండూ కలిసేసరికి 7 రాత్రా, 8 రాత్రా అన్నది వినేవాళ్ళ ఊహకి వదిలేసినట్టయింది. రైలు టికెట్ మీద 00.10 అని చూసి ఒకరోజు ఆలస్యంగా స్టేషన్‌కి వెళ్ళేవాళ్ళు చేసేది కూడా ఈ పొరపాటే.

ఇంకో తమాషా ఏమిటంటే, లివర్‌పూల్‌లో కూడా అది మంగళవారం సాయంత్రం ఆటే. అక్కడ 7వ తేదీ, రాత్రి ఎనిమిది గంటలు. అంటే నానమ్మ లెక్కా, ఆన్‌ఫీల్డ్‌లో కూర్చున్నవాళ్ళ లెక్కా ఒకటే అయ్యాయి. మధ్యలో తప్పిపోయింది నేనే.

ఇక గంటల లెక్క. మన దేశపు సమయం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం నడుస్తుంది. ఆ రేఖ మన కాకినాడ దగ్గరగా పోతుంది. అందువల్ల గ్రీనిచ్ సమయానికి మనం ఐదున్నర గంటలు ముందున్నాం. అంతకుముందు నుంగంబాక్కంలోని మద్రాసు అబ్జర్వేటరీ లెక్కతో మద్రాసు సమయం ఉండేది. అది గ్రీనిచ్ కన్నా సుమారు 5 గంటల 21 నిమిషాలు ముందు. దేశంలో రైళ్ళు కూడా చాలా ఏళ్ళు ఆ సమయంతోనే నడిచాయి. 1906లో ఇప్పటి పద్ధతి వచ్చింది.

చేతి గడియారం ఉంటే దీనికి ఒక చిట్కా ఉంది. గడియారాన్ని తలకిందులు చేసి చూడండి. మనకి ఒంటిగంటన్నర అయితే, పెద్ద ముల్లు పన్నెండు దగ్గరికి వస్తుంది, చిన్న ముల్లు ఏడుకీ ఎనిమిదికీ మధ్య ఉంటుంది. ఎనిమిది అని చదవాలి. ముల్లు అర గడి వెనక ఉండడానికి కారణం, తిప్పినప్పుడు ఆరు గంటలు తగ్గుతాయి, మనకి కావలసింది ఐదున్నర మాత్రమే. కాబట్టి ముల్లు ఇలా రెండంకెల నడిమధ్య ఉన్నప్పుడు ముందున్న అంకెనే తీసుకోవాలి.

ఈ చిట్కా చలికాలానికి మాత్రమే. ఇంగ్లండ్‌లో మార్చి చివరి ఆదివారం గడియారాలు ఒక గంట ముందుకి తిప్పుతారు, అక్టోబరు చివరి ఆదివారం మళ్ళీ వెనక్కి తెస్తారు. ఎండాకాలంలో తేడా నాలుగున్నర గంటలే. అక్కడ రాత్రి ఎనిమిది గంటల ఆట మనకి ఎండాకాలంలో పన్నెండున్నరకి, చలికాలంలో ఒంటిగంటన్నరకి మొదలవుతుంది. మా ఇంట్లో ఏటా నవంబరులో ఎవరో ఒకరు గంట ముందే అలారం పెట్టి, ఖాళీ తెర చూస్తూ కునుకు తీసి, అసలు ఆట మొదలయ్యేసరికి గుర్రు పెడతారు. మన గడియారం ఎప్పుడూ మారదు కనుక, మారింది అక్కడిదని మనకి గుర్తుండదు.

2019 మే 7 ఆటని ఈ లెక్కలో పెట్టి చూద్దాం. అక్కడ ఎనిమిది గంటలు, ఎండాకాలం, నాలుగున్నర కలిపితే మనకి పన్నెండున్నర. సగం ఆట అయ్యేసరికి సుమారు ఒంటిగంటంబావు, స్కోరు 1-0. ఇంకా రెండు గోల్స్ వెనకే. ఇక లాభం లేదని అప్పుడు పడుకున్నవాళ్ళు మా వీధిలోనే ఉన్నారట. విరామం పదిహేను నిమిషాలు. తర్వాత 54వ, 56వ నిమిషాల్లో వైనాల్డమ్ రెండు గోల్స్ కొట్టాడు. అంటే మనకి సుమారు పావుతక్కువ రెండు. నాలుగోది ఒరీగి 79వ నిమిషంలో, రెండు దాటాక. ఆట ముగిసేసరికి దాదాపు రెండూ ఇరవై. అప్పటికి మన ఊళ్ళో పేపరు అచ్చయిపోతూ ఉంటుంది. అందుకే ఇలాంటి ఫలితం చాలాసార్లు ఒకరోజు ఆగి పేపర్లో వస్తుంది.

గంటల తేడా సరిచేసుకున్నాక నాకు సెకన్ల తేడా ఎదురైంది. ఇప్పుడు నేను దుప్పటి కింద ఫోన్‌లో, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూస్తాను. అన్నయ్య ఎదురింట్లో స్నేహితులతో టీవీలో చూస్తాడు. నా ఫోన్‌లో బంతి ఇంకా మధ్య గీత దగ్గర ఉండగానే ఎదురింట్లో కేక వినబడుతుంది! ఫోన్‌లో వచ్చే ప్రసారాన్ని కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి పంపుతారు. మధ్యలో ఆగిపోకుండా ఫోన్ కొన్ని ముక్కలు దాచుకుని, ఆ తర్వాతే చూపిస్తుంది. అలా టీవీ కన్నా అర నిమిషం దాకా కూడా వెనకబడుతుంది. మన ఫోన్ ఎంత వెనక ఉందో తెలియాలంటే తెర మూలన ఉండే ఆట గడియారాన్ని పక్కవాళ్ళ తెరతో పోల్చి చూస్తే చాలు. మా గ్రూపులో ఇందుకొక కట్టుబాటు పెట్టుకున్నాం: విరామం వచ్చేదాకా ఎవరూ "గోల్" అని రాయకూడదు. ఎదురింటి కేకకి మాత్రం మందు లేదు.

ఇంకో కట్టుబాటు నేను పెట్టించింది. గ్రూపులో ఆట సమయం పెట్టేటప్పుడు తేదీ ఒక్కటే రాయకూడదు. ఇలా రాయాలి: "మంగళవారం రాత్రి పన్నెండున్నర, తెల్లవారితే బుధవారం." మొదట్లో అందరూ ఎగతాళి చేశారు. కానీ ఆ తర్వాత మా గ్రూపులో రాత్రి తప్పి ఆట పోగొట్టుకున్నవాళ్ళు లేరు. నానమ్మకి ఈ సంగతి చెప్తే, "మరి నిద్ర పోగొట్టుకున్నవాళ్ళ లెక్క ఎవరు చూస్తారే?" అంది. దానికి ఇంకా జవాబు దొరకలేదు. మొదటి పీరియడ్‌లో నా కళ్ళు ఎర్రగా ఉంటే మేడమ్‌లు దయతో అర్థం చేసుకోవాలి.