మేనేజరే కారణమైతే రాజీనామా ఎవరికి రాయాలి?

హైదరాబాద్‌లో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ. అందులో టెస్ట్ ఇంజినీర్‌గా మూడేళ్ల నాలుగు నెలలుగా పనిచేస్తున్న అమ్మాయి ఉందనుకుందాం. ఆమె రాసిన ఆటోమేషన్ స్క్రిప్టులను మేనేజర్ రివ్యూ మీటింగులో తనవిగా చూపించుకున్నాడు. మంజూరైన సెలవును రెండుసార్లు ముందురోజు సాయంత్రం రద్దు చేశాడు. టీమ్ కాల్‌లో అందరూ వింటుండగా ‘నీకు ఈ పని రాదని ముందే తెలుసు’ అన్నాడు. ఆ రాత్రి ఆమె ల్యాప్‌టాప్ తెరిచి నలభై వరుసల రాజీనామా రాసింది. తీరా పంపబోతే, అలవాటుకొద్దీ ‘To’ దగ్గర ఆ మేనేజర్ పేరే పెట్టి ఉంది. ఆయన మీద ఫిర్యాదు ఆయనకే వెళ్లబోతోంది!

ఇలాంటప్పుడు లేఖను మేనేజర్ పైఅధికారికి రాయవచ్చు. ఐటీ కంపెనీల్లో ‘స్కిప్ లెవెల్’ అనేది ఆయన్నే. తప్పేమీ కాదు. కాకపోతే పేరొక్కటి మార్చి అవే నలభై వరుసలు పంపితే మాత్రం పని చెడుతుంది.

ముందు తేల్చుకోవాల్సింది

మేనేజర్ మారితే మీరు ఉంటారా? ఉంటాననుకుంటే ఇంకా రాజీనామా రాయకండి. పైఅధికారిని పదిహేను నిమిషాలు సమయం అడిగి, వేరే టీమ్‌కు మార్చమని కోరండి. ఇంకా ఉద్యోగంలో ఉన్న మనిషి మాట్లాడితే అది పరిష్కరించాల్సిన సమస్యలా వినిపిస్తుంది. రాజీనామా చేతిలో పెట్టుకుని మాట్లాడితే చాలామంది పైఅధికారుల చెవికి అదే వెళ్లిపోయేవాళ్ల కోపంలా తోస్తుంది. పైగా లేఖ అందాక ‘టీమ్ మారుస్తాం, ఉండిపో’ అని వాళ్లంటే మీరు అప్పటికప్పుడు జవాబు చెప్పాల్సి వస్తుంది.

మన టెస్ట్ ఇంజినీర్ ఇంకో ఆఫర్‌కు ఒప్పుకొంది. టీమ్ మార్చినా ఉండదు. కాబట్టి లేఖ రాయాల్సిందే.

పైకి రాస్తే ఏం ఒరుగుతుంది?

రాజీనామా ఇచ్చిన రోజుతో కథ ముగియదు. ఆమెది 60 రోజుల నోటీసు. ఆ రెండు నెలల్లో ఆఖరి పనిదినాన్ని ఖరారు చేయడం, సెలవు ఇవ్వడం, పని అప్పగింత పూర్తయిందని ఒప్పుకోవడం, క్లియరెన్స్ ఇవ్వడం మామూలుగా మేనేజర్ చేతిలోనే ఉంటాయి. కక్ష తీర్చుకోవాలనుకునేవాడికి ఆయుధాలూ ఇవే. ‘కేటీ ఇంకా పూర్తి కాలేదు’ అనే ఒక్క మాటతో రిలీవింగ్ లెటర్ ఆగిపోవచ్చు. అది లేకపోతే కొత్త కంపెనీలో చేరడానికి ఇబ్బంది.

అందుకే పైఅధికారికి రాసే లేఖ అసలు పని మేనేజర్‌ను ఎండగట్టడం కాదు. ఈ అనుమతులు మరొకరి చేతికి మారేలా చూడటం. లేఖలో ఈ కోరిక స్పష్టంగా లేకపోతే పైకి రాసిన ప్రయోజనమే ఉండదు.

లేఖ వేరు, వివరం వేరు

ఆమె నలభై వరుసల్లో రెండు పనులు కలిసిపోయాయి. ఒకటి ఉద్యోగం వదులుతున్నానని చెప్పడం, రెండోది ఎందుకో చెప్పడం. రెంటినీ విడగొట్టాలి. రాజీనామా లేఖ మీ ఫైల్లో ఉండిపోతుంది. మీకు పరిచయం లేని హెచ్‌ఆర్ ఉద్యోగి కొన్నేళ్ల తర్వాత బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కు జవాబిస్తూ దాన్ని తెరవవచ్చు. అందులో మేనేజర్ పేరు, తిట్లు, ఆరోపణలు ఉంటే చదివేవారికి గొడవ తప్ప దాని వెనకున్న సంగతి కనిపించదు.

విడగొట్టాక, పైఅధికారి అయిన డెలివరీ మేనేజర్‌కు ఆమె లేఖ ఇలా తయారైంది. మీరు ఇంగ్లిష్‌లో రాసినా వరుస ఇదే ఉండనివ్వండి.

> డెలివరీ మేనేజర్ గారికి,
>
> టెస్ట్ ఇంజినీర్ ఉద్యోగానికి నేను రాజీనామా చేస్తున్నాను. నా నియామక పత్రం ప్రకారం నోటీసు 60 రోజులు. ఈరోజు, జూన్ 2 నుంచి లెక్కిస్తే నా ఆఖరి పనిదినం జూలై 31.
>
> ఈ లేఖను నేరుగా మీకు రాయడానికి కారణం నా ప్రస్తుత రిపోర్టింగ్‌కు సంబంధించిన పరిస్థితులు. వాటిని మీకు, హెచ్‌ఆర్‌కు విడిగా వివరిస్తాను.
>
> నోటీసు కాలంలో నా సెలవులు, పని అప్పగింత, క్లియరెన్స్‌లకు మీరు గానీ మీరు సూచించిన మరొకరు గానీ అనుమతి ఇచ్చేలా ఏర్పాటు చేయాలని కోరుతున్నాను. అప్పగించాల్సిన పనుల జాబితా జూన్ 6 నాటికి పంపుతాను.
>
> ఈ లేఖ అందినట్టు, ఆఖరి పనిదినం జూలై 31 అని మెయిల్‌లో ధ్రువీకరించగలరు.

ఇందులో రెండో పేరా కీలకం. చాలామంది అక్కడ ‘వ్యక్తిగత కారణాల వల్ల’ అని రాసేస్తారు. గొడవెందుకని అనుకుంటారు కానీ, అసలు కారణం మేనేజరైతే ఆ మాట తర్వాత మీకే అడ్డం వస్తుంది. రేపు మీరు ఫిర్యాదు చేసినా, బలవంతంగా వెళ్లాల్సి వచ్చిందని వాదించినా, మీ సంతకంతో ఉన్న కాగితాన్నే చూపించి ‘సొంత కారణాలని మీరే రాశారుగా’ అంటారు. అలాగని ఆరోపణ కూడా రాయక్కర్లేదు. ‘రిపోర్టింగ్‌కు సంబంధించిన పరిస్థితులు, విడిగా వివరిస్తాను’ అన్న మాట అబద్ధం కాదు, తగాదా కూడా కాదు. రేపు వివరించే దారి తెరిచే ఉంటుంది.

తేదీల లెక్క కూడా మీరే వేసి రాయండి. జూన్ 2తో కలిపి జూన్‌లో 29 రోజులు, జూలైలో 31, మొత్తం 60. ‘నోటీసు ప్రకారం’ అని వదిలేస్తే ఆఖరి రోజు ఏదో తేల్చే పని మళ్లీ మేనేజర్ చేతికే పోతుంది. కొన్ని కంపెనీలు మరుసటి రోజు నుంచి లెక్కిస్తాయి కాబట్టి ముందు మీ నియామక పత్రం చూసుకోండి.

పంపే రోజు వరుస

తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. చాలా కంపెనీల్లో రాజీనామాను హెచ్‌ఆర్ పోర్టల్లో నమోదు చేయాలి. అక్కడ బటన్ నొక్కగానే సమాచారం మామూలుగా మేనేజర్‌కే ముందు వెళ్తుంది. అదే ముందు చేస్తే, పైఅధికారికి విషయం మేనేజర్ నోటి మీదుగా చేరుతుంది.

కాబట్టి ముందు పైఅధికారితో మాట్లాడండి. మన టెస్ట్ ఇంజినీర్ జూన్ 2 ఉదయం ‘సార్, ఒక పావుగంట మాట్లాడాలి’ అని మెసేజ్ పెట్టి, పదకొండింటికి కలిసింది. తాను వెళ్లిపోతున్నానని, లేఖ నేరుగా ఆయనకే పంపుతున్నానని, నోటీసు కాలంలో తనకేం కావాలో చెప్పింది. మేనేజర్ గురించి రెండే వాక్యాలు మాట్లాడింది. బయటికి రాగానే ఆయనకు లేఖ మెయిల్ చేసి, హెచ్‌ఆర్‌ను కాపీలో పెట్టింది. ఆ తర్వాత అదేరోజు పోర్టల్లో నమోదు చేసింది. ఈ మూడో అడుగు మర్నాటికి వాయిదా వేయకూడదు. పోర్టల్ తేదీ నుంచే నోటీసు లెక్కించే కంపెనీల్లో మీ జూలై 31 కాస్తా ఆగస్టులోకి జరిగిపోతుంది.

మేనేజర్‌ను కాపీలో పెట్టాలా? అక్కర్లేదు. కానీ ఆయనకు సాయంత్రంలోగా ఎలాగూ తెలుస్తుంది. అందుకని పోర్టల్ కంటే ముందు ‘నేను రాజీనామా చేశాను, డెలివరీ మేనేజర్ గారికి లేఖ పంపాను’ అని ఒక్క వాక్యం పంపితే మర్యాద దక్కుతుంది, దాచిపెట్టారన్న మాటా రాదు.

కాగితం కిందికి దిగితే

పైఅధికారి మీ మెయిల్‌ను ‘ఏంటో చూడు’ అంటూ మేనేజర్‌కే ఫార్వర్డ్ చేయడం అరుదేమీ కాదు. పంపిన గంటలోపే మేనేజర్ ఫోన్ చేశాడంటే అదే జరిగిందనుకోవచ్చు. మన టెస్ట్ ఇంజినీర్‌కూ అలాగే ఫోన్ వచ్చింది.

‘నన్ను దాటుకుని పైకి వెళ్లావా? ఇన్నాళ్లూ నాతో ఒక్క మాటా చెప్పలేదే!’

‘సార్, నిర్ణయం అయిపోయింది. పని అప్పగింత గురించి ఏం కావాలన్నా మెయిల్ చేయండి, అదేరోజు జవాబిస్తాను.’

ఆమె అన్నది అంతే. ఏ సెలవు రద్దయిందో, ఏ కాల్‌లో ఏమన్నాడో ఆయనతో తవ్వలేదు. ఫోన్ పెట్టేశాక ఆ సంభాషణ సారాంశాన్ని పైఅధికారికి, హెచ్‌ఆర్‌కు మెయిల్ చేసి, ‘అనుమతులు ఎవరిస్తారో దయచేసి చెప్పండి’ అని మళ్లీ అడిగింది. లేఖలో ప్రతి వాక్యాన్నీ మేనేజర్ చదువుతాడనే అనుకుని రాయాలనేది అందుకే.

వివరం ఎలా రాయాలి?

విడిగా ఇస్తానన్న వివరం ఒక పేజీ చాలు. తేదీ, జరిగింది, సాక్ష్యం ఎక్కడుంది అనేవి మాత్రమే ఉండాలి. ‘నన్ను ఎప్పుడూ అవమానించేవారు’ అంటే ఎవరూ ఏమీ చేయలేరు. ‘ఏప్రిల్ 9న మంజూరైన సెలవు ఏప్రిల్ 10 సాయంత్రం 6.40కి రద్దయింది, పోర్టల్లో నమోదు ఉంది’ అంటే హెచ్‌ఆర్ రెండు నిమిషాల్లో చూసుకోవచ్చు. ఇలాంటివి మూడు చాలు. పదిహేను రాస్తే బలమైనవి మూడూ మిగతావాటి కింద నలిగిపోతాయి. సాక్ష్యం కోసమని ఆఫీసు మెయిళ్లు, క్లయింట్ ఫైళ్లు సొంత మెయిల్‌కు పంపుకోకండి. చాలా కంపెనీల్లో అది నిబంధనల ఉల్లంఘన, తప్పు మీమీదికే తిరుగుతుంది. తేదీలు, సమయాలు మీ నోట్‌బుక్‌లో రాసుకుంటే ఏ అడ్డూ లేదు.

ఈ దారి పనికిరాని సందర్భాలు

మేనేజర్‌ను తెచ్చిపెట్టి, కాపాడుతున్నది ఆ పైఅధికారే అయితే లేఖ హెచ్‌ఆర్‌కు రాసి, ఆయన్ను కాపీలో ఉంచండి. చిన్న కంపెనీలో మేనేజర్ పైన యజమాని ఒక్కరే ఉంటే ఆయనకే రాయాలి, కానీ ముందు నేరుగా మాట్లాడటం మరింత అవసరం.

లైంగిక వేధింపులైతే అది రాజీనామా లేఖతో తీరే విషయం కాదు. 2013 చట్టం ప్రకారం పది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. ఘటన జరిగిన మూడు నెలల్లోగా మహిళలు దానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలల దాకా గడువు పెంచవచ్చు. ఉద్యోగం వదిలినా ఆ హక్కు పోదు, కానీ నోటీసు కాలం గడిచేదాకా ఆగితే గడువు కరిగిపోతుంది.

ఇక మన టెస్ట్ ఇంజినీర్ సంగతి. పైఅధికారి నాలుగో రోజున జవాబిచ్చారు. అనుమతులకు పక్క టీమ్ లీడ్‌ను నియమించారు. జూన్ 6న ఆమె అప్పగింత జాబితా పంపింది. ఒక్కో పని ముగిసినప్పుడల్లా ఆ లీడ్ చేత మెయిల్‌లో ‘అందింది’ అనిపించుకుంది. జూలై చివరి వారంలో మేనేజర్ ‘కేటీ ఇంకా పూర్తి కాలేదు’ అన్నాడు. ఆమె వాదించలేదు. ఆ ‘అందింది’ మెయిళ్లన్నీ ఒకచోట చేర్చి పైఅధికారికి పంపింది. జూలై 31న క్లియరెన్స్ వచ్చింది.